‘సబ్జెక్టు’ ముందు, సంగతి తరువాత: ఒక ఎగుమతి గుమాస్తా స్పోకెన్ ఇంగ్లిష్ కేసు

గుంటూరులో సాయంత్రపు స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు నడుపుతున్న నాకు ఎక్కువగా వచ్చేది బీటెక్ చివరి సంవత్సరం పిల్లలు, విదేశాలకు వెళ్లాలనుకునే నర్సింగ్ విద్యార్థినులు. నలభై దాటినవాళ్లు అరుదుగా వస్తారు, వచ్చినా నెల తిరగకుండానే మానేస్తారు. అలా మానేయకుండా నాలుగు నెలలు వచ్చిన ఒకరి కేసును ఇక్కడ రాస్తున్నాను. ఆయన బాగుపడ్డారు కాబట్టి కాదు, మొదటి రెండు నెలలు నేను ఆయన సమస్యను తప్పుగా అర్థం చేసుకున్నాను కాబట్టి. ఆయన్ను ఇక్కడ రావుగారు అంటాను. పేరుతోపాటు ఆయన్ను గుర్తుపట్టగల మరికొన్ని వివరాలు కూడా మార్చాను.

నేపథ్యం

రావుగారికి 49 ఏళ్లు. తెలుగు మాధ్యమంలో చదువుకుని బీకాం పూర్తిచేశారు. మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో ఇరవై ఏళ్లకు పైగా గుమాస్తా. టిక్కీలనే మిర్చి బస్తాల లెక్క, ఏసీ గోదాముల నుంచి సరుకు విడిపించే కాగితాలు, ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు, చెన్నై రేవులో కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఏజెంటుకు పంపాల్సిన పత్రాలు, ఇవన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్తాయి. ఆయన రాసే ఇంగ్లిష్ చూసి మొదట ఆశ్చర్యపోయాను. ‘విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ ఎబవ్’ అని మొదలుపెట్టి ‘కైండ్లీ ఎక్నాలెడ్జ్ ద సేమ్’ అని ముగించే పాతకాలపు ఉత్తరం తడుముకోకుండా రాయగలరు. స్పెల్లింగు తప్పు ఒక్కటీ ఉండదు.

యజమాని కుమారుడు చదువు ముగించుకుని వ్యాపారంలోకి వచ్చాక ఉత్తరాలు తగ్గి ఫోన్లు పెరిగాయి. ఏజెంటు, లారీల బుకింగ్ ఆఫీసు, షిప్పింగ్ కంపెనీ ఇప్పుడు మెయిల్ పంపి ఊరుకోవు, వెంటనే ఫోన్ చేస్తాయి. అటువైపు తమిళులు, అప్పుడప్పుడు మలయాళీలు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉండేది ఇంగ్లిషే. ఆ ఫోన్లు వచ్చినప్పుడు రావుగారు పక్క బల్ల మీది కుర్రవాడికి అందించేవారు. ఆ కుర్రవాడికి ఇంగ్లిష్ వచ్చు కానీ సరుకు సంగతి తెలియదు. అందుకని అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని ‘సార్, ఏం చెప్పమంటారు?’ అని అడుగుతుంటే ఈయన తెలుగులో అందించేవారు. ‘నా నోటికి ఇంకొకరిని అద్దెకు పెట్టుకున్నట్టుంది మేడమ్’ అన్నారు చేరిన రోజున. ఏం కావాలని వచ్చారో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు, కానీ ఆ మాటలోని విషయాన్ని ఆ రోజు నేను పట్టుకోలేకపోయాను.

మొదటి అంచనా, అది ఎందుకు తప్పింది

చేరే ప్రతివారిచేతా నిన్న ఏం పని చేశారో రెండు నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయడం నా అలవాటు. రావుగారి రికార్డులో మాటలకన్నా మౌనం ఎక్కువ. ‘లారీ ఈజ్ స్టార్టింగ్’ అన్నారు, బయలుదేరిందో బయలుదేరబోతోందో తెలియదు. ఆర్టికల్స్ లేవు, ప్రశ్నలన్నీ ‘యూ ఆర్ సెండింగ్?’ తరహాలో ఉన్నాయి. వ్యాకరణం పునాది బలహీనంగా ఉందని నిర్ణయించుకుని అక్టోబరు నెలంతా టెన్స్‌ల పట్టికలు, వాక్య మార్పిళ్లు చేయించాను.

ఆయన శ్రద్ధగల మనిషి. రాతపరీక్షల్లో తరగతి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. నెలాఖరున మళ్లీ రికార్డు చేస్తే మాట మునుపటికంటే నెమ్మదించింది. కారణం తరువాత ఆలోచిస్తే తెలిసింది. అంతకుముందు ఆయన తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేవారు. ఇప్పుడు దానికి తోడు, మార్చుకున్న వాక్యాన్ని పట్టికతో సరిచూసుకునే పని కూడా చేరింది. కాగితం మీద ఈ సరిచూపుకు సమయం ఉంటుంది. ఫోన్లో ఉండదు, అవతలివాడు ఈలోగా ‘హలో? హలో?’ అంటాడు. తెలిసిన నియమాలు పెరిగినకొద్దీ భయపడాల్సిన తప్పులు కూడా పెరిగాయి. చూసి రాయడానికి అలవాటుపడిన మనిషికి నేను ఇంకా ఎక్కువగా చూసి రాయడమే నేర్పాను.

రెండో ప్రయత్నం జంటగా మాట్లాడించడం. విమానాశ్రయంలో చెకిన్, హోటల్లో ఆర్డరు, స్వపరిచయం వంటి సిద్ధంగా ఉన్న సంభాషణలు ఇచ్చి ఒక బీటెక్ అబ్బాయితో జత చేశాను. ఆ అబ్బాయి మర్యాదస్తుడే. ‘అంకుల్, మీరు మొదలుపెట్టండి’ అని ప్రతిసారీ ప్రోత్సహించేవాడు. రావుగారు ఎప్పుడూ విమానం ఎక్కలేదు. తన కూతురి ఈడు పిల్లవాడి ముందు, తనకు తెలియని చోట, తెలియని భాషలో తడబడడం ఆయన వల్ల కాలేదు. మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే లోడింగు ఉందన్నారు. నవంబరులో అంత లోడింగు ఉండదని గుంటూరులో పుట్టిన నాకు తెలుసు, కానీ అడగలేదు. ఇంగ్లిష్ వార్తల ఛానల్ రోజూ అరగంట చూడమన్న సలహా కూడా ఈ రోజుల్లోనే ఇచ్చాను. నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ నుంచి ఎవరైనా ఏం నేర్చుకుంటారు? అది నేను ఆలోచించకుండా ఇచ్చిన సలహా.

ఫోన్ల పుస్తకం

తిరిగి వచ్చాక పాఠం ఆపేశాను. పది పనిదినాలపాటు వచ్చిన, చేసిన ప్రతి ఫోను గురించి ఒక చిన్న పుస్తకంలో తెలుగులోనే రాయమన్నాను: ఎవరు చేశారు, ఏం అడిగారు, మీరు ఏం చెప్పాలనుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు. తెలుగులో రాయమనడానికి కారణం ఉంది. ఇంగ్లిష్‌లో రాయమంటే ఆయన మళ్లీ ఉత్తరం రాస్తారు, ఏం జరిగిందో మాత్రం బయటికి రాదు.

ఆ పుస్తకం నా అంచనాను తలకిందులు చేసింది. పది రోజుల్లో ఇంగ్లిష్ అవసరమైన ఫోన్లు పదిహేడు. వాటిలో దాదాపు అన్నీ నాలుగు రకాలే: బండి ఎక్కడుంది, ఏ కాగితం రాలేదు, టిక్కీల సంఖ్య లేదా బరువు ఎందుకు తేడా వచ్చింది, రేవు గేటులోకి ఏ సమయంలోగా చేరాలి. అంటే ఆయనకు కావాల్సింది ఇంగ్లిష్ భాష మొత్తం కాదు, అందులో ఒక చిన్న గది. ఇది కొంతవరకు ఊహించగలిగేదే.

నేను ఊహించనిది రెండోది. ఆయన ఆగిపోయిన చోట్లు చూస్తే, తాను మాట్లాడాల్సినప్పుడు ఆగిపోయినవి తక్కువ. అవతలివాడు మొదటి జవాబు చెప్పాక, అందులో ఒక అంకెగానీ ఓడ పేరుగానీ అందకపోతే, అక్కడ ఆగిపోయారు. అందనప్పుడు ‘ఓకే సార్, ఓకే సార్’ అని పెట్టేసేవారు. ఐదు నిమిషాల తరువాత కుర్రవాడిచేత మళ్లీ చేయించేవారు. అవతలి ఏజెంటుకు ఇది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి: ఓకే అన్న మనిషి ఆఫీసు నుంచే మళ్లీ అదే ప్రశ్న. ఆయన్ను నమ్మకపోవడం మొదలైంది అక్కడే. తప్పు ఇంగ్లిష్ మాట్లాడినందుకు ఎవరూ నమ్మకం పోగొట్టుకోరు, అర్థం కాకుండానే అయిందన్నందుకు పోగొట్టుకుంటారు.

ఆపడం నేర్పడం

అందుకని మాట్లాడడం కంటే ముందు, అవతలివాడిని ఆపడం నేర్పాలని నిర్ణయించాను. ఇలాంటి చోట పుస్తకాలన్నీ చెప్పే వాక్యం ‘సారీ, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్’. రావుగారు దాన్ని నాలుగైదుసార్లు అభ్యాసం చేసి, ఆఫీసులో ఒక్కసారి కూడా వాడలేదు. ఎందుకని అడిగితే, అది నేరం ఒప్పుకున్నట్టు ఉందన్నారు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయకుండా దాని వెంట వెళ్లాను. గుమాస్తాకు పెద్దరికం ఇచ్చేది కలమే. అతను రాసుకుంటున్నాడంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగుతాడు. కాబట్టి వాక్యాన్ని మార్చాం: ‘వన్ మినిట్ సార్, ఐ యామ్ రైటింగ్ ఇట్ డౌన్. ప్లీజ్ టెల్ మీ ద నంబర్ అగైన్, స్లోలీ.’ అర్థం అదే, కానీ ఇందులో క్షమాపణ లేదు, పని ఉంది. ఇది ఆయన మర్నాడే వాడారు.

రెండోది తిరిగి చెప్పడం: ‘సో, యూ నీడ్ ద ప్యాకింగ్ లిస్ట్ బై ఫోర్. కరెక్ట్?’ అనడం. అందిన దాన్ని తన మాటల్లో తిరిగి చెబితే అందనిది దానంతట అదే బయటపడుతుంది, అవతలివాడే సరిదిద్దుతాడు.

ఇక అంకెలు, అక్షరాలు. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఏడో అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టే తనిఖీ అంకె, కాబట్టి ఒక్కటి తప్పు విన్నా నంబరు పనికిరాదు. మనవాళ్ల నోట ‘యమ్’, ‘యన్’ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. బి, డి, పి కూడా అంతే. ఆల్ఫా, బ్రావో అంటూ మొదలుపెడితే ఆయనకు మరో పట్టిక అవుతుంది. అందుకని ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం: ‘యమ్ ఫర్ మద్రాస్, యన్ ఫర్ నెల్లూర్, డి ఫర్ ఢిల్లీ’. చెన్నైవాళ్లకు నెల్లూరు తెలియకపోవడం ఉండదు. ‘డబుల్ సెవెన్’ విన్నప్పుడు ఒక ఏడు మాత్రమే రాసుకునే పొరపాటును రోజుకు పది నంబర్లు చొప్పున రాయించి రెండు వారాల్లో పోగొట్టగలిగాం. ఈ అభ్యాసమంతా తరగతికి ముందు పావుగంట, ఆయన హాల్లో, నేను పక్క గదిలో, నిజమైన ఫోన్ల మీదనే చేశాం. ఎదురుగా కూర్చుంటే ముఖం చూసి ఊహిస్తారు, ఆఫీసులో ముఖం ఉండదు.

వరుస

డిసెంబరు మధ్యలో పుస్తకంలో ఒక ఫోను కనిపించింది. ఏజెంటు విసుగ్గా ‘సో, వాట్ డూ యూ వాంట్?’ అన్నాడట. అది ఆయన్ను బాగా నొప్పించింది. ఏం చెప్పారో తెలుగులో చెప్పమన్నాను. ‘సార్, నిన్న హమాలీలు ఆలస్యంగా వచ్చారు, అందుకని లోడింగు రాత్రి పదయింది, డ్రైవరు రాత్రి బయలుదేరనన్నాడు, పొద్దున బయలుదేరాడు కాబట్టి మధ్యాహ్నానికి రాలేడు, సాయంత్రం దాకా గేటు టైము ఇప్పించండి.’ దీనిలో ఏ లోపమూ లేదు. తెలుగులో క్రియ చివర వస్తుంది, వినేవాడు చివరిదాకా ఆగడం మన భాషకు అలవాటే. పైగా కారణాలన్నీ చెప్పుకుని చివర్లో కోరిక బయటపెట్టడం మనకు మర్యాద. కానీ ఇదే వరుసలో ఇంగ్లిష్ మాట్లాడితే, పని ఒత్తిడిలో ఉన్న ఏజెంటుకు హమాలీలు, డ్రైవరు, రాత్రి పది అన్నీ వినిపించాక కూడా ఈయనకు ఏం కావాలో తెలియదు. వ్యాకరణం ఎంత సరిదిద్దినా ఈ విసుగు తగ్గదు. అసలు తప్పు వాక్యంలో లేదు, వాక్యాల వరుసలో ఉంది.

ముందు పని, తరువాత కారణం, చివర సమయం చెప్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ‘ఎదుటివాడి మొహాన పని పడేసినట్టు ఉండదా మేడమ్?’ అన్నారు. రెండు రోజులు వాదించాను, ఫలితం లేదు. మూడో రోజు ఆయన రాసిన ఉత్తరం ఒకటి బల్ల మీద ఉంటే చూశాను. ‘సర్’ అన్న సంబోధన కింద, మొట్టమొదటి పంక్తి: ‘సబ్: రిక్వెస్ట్ ఫర్ ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ - రెగ్.’ ఇరవై ఏళ్లుగా ఆయన రాస్తున్న ప్రతి ఉత్తరంలోనూ కోరిక అన్నిటికంటే ముందు, గీత గీసి మరీ, ఉంది. అది మొరటుతనమని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ పంక్తి మీద వేలు పెట్టి, ‘దీన్ని ముందు చదవండి, మిగతాది తరువాత’ అన్నాను. కాసేపు చూసి నవ్వారు. ఆ రోజు నుంచి ఫోను చేసేముందు చిన్న చీటీ మీద ‘సబ్:’ అని రాసుకుని, దాని పక్కన నాలుగు మాటలు రాసుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఈ దశలో వ్యాకరణాన్ని దాదాపు వదిలేశాను. ఆర్టికల్ లేకపోయినా, ‘డ్రైవర్ ఈజ్ టెల్లింగ్’ అన్నా సరిదిద్దలేదు. ఒక్కటే పట్టుబట్టాను: జరిగిపోయిందా, జరగబోతోందా అన్న తేడా. ‘లారీ లెఫ్ట్’, ‘లారీ విల్ లీవ్’ మధ్య తేడా తప్పితే సంస్థకు డబ్బు పోతుంది. మిగతా తప్పులకు డబ్బు పోదు. ఉపాధ్యాయురాలిగా నా చెవికి కష్టంగానే ఉండేది, కానీ ప్రతి తప్పూ దిద్దితే అక్టోబరు మళ్లీ వస్తుందని తెలుసు.

తరగతిలో కూడా ఒక మార్పు చేశాను. విమానాశ్రయం తీసేసి, ఆయన్ను ఏజెంటు పాత్రలో కూర్చోబెట్టాను. పిల్లలు ఎగుమతి సంస్థ తరఫున ఆయనకు ఫోను చేయాలి. ఏ కాగితం అడగాలో వాళ్లకు తెలియదు, ఆయనకు తెలుసు. సరుకుకు చీడపీడలు లేవని ధ్రువీకరించే కాగితం కోసం ‘ఫైటోశానిటరీ సర్టిఫికెట్ వేర్?’ అని ఆయన అడిగితే బీటెక్ అబ్బాయి నోరు తెరిచాడు. ‘అంకుల్’ అన్న పిలుపు మారలేదు కానీ ఆ పిలుపు ఆయన్ను ఇబ్బంది పెట్టడం మానేసింది.

జనవరిలో ఒక సాయంత్రం

కోర్సు ఫలితాన్ని ఒక్క సంఘటనతో కొలవకూడదు, కానీ ఇది పుస్తకంలో వివరంగా ఉంది. కంటైనర్ బండి చెన్నై వెళ్తూ నాయుడుపేట దగ్గర ఆగిపోయింది. ఈ-వే బిల్లు గడువు 200 కి.మీ.కు ఒక రోజు చొప్పున లెక్క. ఆ బిల్లు ఆ రాత్రి 12 గంటలకు ముగుస్తుంది. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిశాక ఎనిమిది గంటల వరకు మాత్రమే పొడిగించుకోవచ్చు, ఆ పని చేయాల్సింది సరుకు మోస్తున్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. కుర్రవాడు అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. చిన్న యజమాని గదిలోనే ఉన్నారు.

రావుగారు చీటీ రాసుకుని ముందు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చేశారు: ‘సార్, ప్లీజ్ ఎక్స్‌టెండ్ ఈ-వే బిల్ టునైట్. లారీ బ్రేక్‌డౌన్, నియర్ నాయుడుపేట. టైమ్ ఈజ్ అప్ టు మార్నింగ్ ఎయిట్ ఓన్లీ.’ అవతలివాడు మిగిలిన దూరం ఎంతని అడిగాడు. పొడిగింపులో బండి ఉన్న చోటు, మిగిలిన దూరం నింపాలి. ‘వన్ మినిట్, ఐ యామ్ రైటింగ్’ అని, డ్రైవరును అడిగి చెప్పారు. తరువాత ఏజెంటుకు: ‘సార్, ఐ నీడ్ గేట్ టైమ్ అంటిల్ టుమారో ఈవెనింగ్.’ ఏజెంటు షిప్పింగ్ కంపెనీని అడుగుతానన్నాడు. వాళ్లు ఇవ్వలేదు. కంటైనర్ ఆ ఓడకు అందలేదు, తరువాతి ఓడకు వెళ్లింది. ఆ మార్పు గురించి మర్నాడు ఏజెంటు చేసిన ఫోను కూడా రావుగారే మాట్లాడారు. కొత్త ఓడ పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నారు.

చిన్న యజమాని మెచ్చుకోలేదు, ఏమీ అనలేదు. వారం తరువాత ఏజెంటుకు పంపిన ఒక మెయిల్‌లో, డిస్పాచ్ విషయాలకు సంప్రదించాల్సిన నంబరుగా కుర్రవాడిది తీసి రావుగారిది పెట్టారు. ఆయన ఆ మెయిల్ ప్రింటు తీసి పుస్తకంలో మడిచి పెట్టుకున్నారు. నాకు చూపించింది కూడా నేను పుస్తకం అడిగినప్పుడే.

మారనివి

విదేశీ కొనుగోలుదారు ఒకరు మిర్చి యార్డు చూడడానికి వచ్చిన రోజు రావుగారు వెనక నిలబడ్డారు, ఒక్క మాటా మాట్లాడలేదు. భోజనం, వాతావరణం, కుటుంబం గురించిన పలకరింపులకు చీటీ ఉండదు. వాటి మీద మేము పనిచేయలేదు, ఆయనా అడగలేదు. వేగంగా మాట్లాడే కొత్త గొంతు ఎదురైతే ఇప్పటికీ మొదటి రెండు వాక్యాలు పోతాయి. ఫిబ్రవరిలో కొత్త మిర్చి యార్డుకు పోటెత్తడంతో తరగతికి రావడం మానేశారు.

నా తరగతిలో ఈ కేసు తరువాత మారినవి రెండు. పనిచేస్తున్నవారు ఎవరు చేరినా మొదటి పది రోజులు పాఠం ఉండదు, ఫోన్ల పుస్తకమే ఉంటుంది. స్వపరిచయం అడగడం మానేశాను.

‘సబ్:’ చీటీని మాత్రం అందరికీ ఇవ్వలేకపోయాను. ఈ వేసవిలో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పనిచేసే నలభై రెండేళ్ల ఆవిడ చేరారు. అదే పద్ధతి పెట్టాను, మూడు వారాలు ఫలితం లేదు. ఆవిడ పుస్తకం మళ్లీ చదివితే కారణం కనిపించింది. రావుగారు సగం ఫోన్లు తానే చేసేవారు కాబట్టి విషయం ఆయన చేతిలో ఉండేది. ఆవిడ దగ్గరికి విషయం రోగి బంధువు నోట, ఏడుపుతోనో కోపంతోనో వస్తుంది. ముందు రాసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆవిడతో ఇప్పుడు చీటీ పక్కన పెట్టి, అవతలివాళ్ల మొదటి వాక్యాన్ని మాత్రమే పట్టుకునే అభ్యాసం చేయిస్తున్నాను. ఇంకా రెండో వారంలోనే ఉన్నాం.